లైన్ మీద పదమూడు, స్పేర్ ఒకటి

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగం నేర్పింది. పంజాగుట్టలో ఒక కాల్ సెంటర్లో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. మా ఏజెంట్లు కస్టమర్లతో మాట్లాడిన రికార్డింగులు రోజంతా వినడం, మార్కులు వేయడం నా పని. ఎవరు నవ్వుతూ విసుక్కుంటున్నారో, ఎవరు 'ఒక్క నిమిషం సార్' అని మ్యూట్ నొక్కి చాయ్ తాగుతున్నారో నా చెవికి తెలిసిపోతుంది. పదేళ్లు ఇలా విన్నాక ఇంట్లో మా ఆయన 'ట్రాఫిక్‌లో ఉన్నా' అన్నా వెనక హారన్ల కోసం వెతుకుతాను.

అలాంటి నాకు జీవమణక్క అంటే ఇంకా అనుమానం. ఆమె మాట్లాడదు. మాట్లాడని మనిషికి మార్కులు ఎలా వేయాలి?

జీవమణక్కకు నలభై ఆరేళ్లు. మధురానగర్‌లో ఉంటుంది, ఆదివారం చర్చిలో పాడుతుంది, మిగతా ఆరు రోజులూ మా హాలు చివర గాజు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఏ గంటకు ఎన్ని కాల్స్ వస్తాయి, దానికి ఎంతమంది ఏజెంట్లు కావాలి అన్నది ఆమె లెక్క. ఆమె కూడా ఏజెంటుగానే చేరింది. పగలంతా ఫోన్లు ఎత్తి, సాయంత్రం మైత్రీవనంలో ఎక్సెల్ క్లాసుకు వెళ్లి, అక్కడి జిరాక్స్ షాపులో దొరికిన నోట్సులో ఎంతమంది ఉంటే కస్టమర్ ఎంతసేపు ఆగాలో చెప్పే ఎర్లాంగ్ ఫార్ములా పట్టుకుంది. పద్నాలుగేళ్ల క్రితం హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టింది.

ఏ లైనులో నిలబడ్డా ఈమె లెక్కపెడుతుంది, అదో జబ్బు. మధురానగర్‌లో మేము టిఫిన్ చేసే బండి దగ్గర ఇద్దరు దోసెలు పోస్తారు, ఇద్దరి ముందూ చెరొక లైను. ఒకరోజు ఆ ఓనరుతో, "అన్నా, రెండు లైన్లు తీసి ఒక్కటే పెట్టు. ముందున్నోడు ఎవరు ఖాళీ అయితే వాళ్ల దగ్గరికి పోతడు. పని గంతే, నిలబడేది తక్కువైతది" అంది. అతను నా వైపు చూసి, "మేడం మంచిగనే ఉన్నదా?" అని అడిగాడు. వారం తర్వాత చూస్తే ఒక్కటే లైను ఉంది. ఆయన క్రెడిట్ మాత్రం ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. మాది నీళ్ల ఫిల్టర్లు అమ్మే ఒక కంపెనీకి సపోర్ట్ లైను. ఫిల్టర్ పాడైతే జనం మాకు ఫోన్ చేస్తారు. వర్షాలు మొదలయ్యాక కాల్స్ తగ్గుతాయని పదహారు మంది ఏజెంట్లను పదమూడుకు దించారు. అది జరిగిన ఆరు వారాలకు కంపెనీ నుంచి ఫిర్యాదుల కట్ట వచ్చింది. అన్నిటిలో ఒకే మాట, మీ ఫోన్ కలవడం లేదు.

మా మేనేజర్ రఘురామ్ గారు ఆ కట్టను నా టేబుల్ మీద పడేశారు. కాకినాడ మనిషి, కోపం వస్తే గొంతు ఇంకా మెత్తబడుతుంది.

"ఏంటండీ ఇది రాగసుధ గారూ? మన రిపోర్టేమో బంగారం. నూటికి తొంభై రెండు కాల్స్ ఇరవై సెకన్లలో ఎత్తుతున్నాం. సగటు వెయిటింగ్ నాలుగు సెకన్లు. మరి కలవకపోవడం ఏంటి? ఎవరో ఎత్తి ఠక్కున పెట్టేస్తున్నారు. ఎవరో చూడండి."

చూశాను. హాలులో సగటున ఒక్కో కాల్ ఆరు నిమిషాలు నడుస్తుంది. విజయేందర్ అనే కుర్రాడిది మాత్రం నాలుగు నిమిషాలు. ఇరవై ఏడేళ్లు, జగిత్యాల నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటాడు, ఎవరినైనా నవ్విస్తాడు. నవ్వించేవాళ్లంటే నాకు ముందే పడదు. నేను అతని పేరు రాసి పంపాను. రికార్డింగుల్లో అతను ఫోన్ కట్ చేసిన ఆనవాలు ఒక్కటీ దొరకలేదు. దొరకనంత తెలివిగా చేస్తున్నాడని అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

శుక్రవారం పదకొండింటికి విచారణ పెట్టారు. తప్పు రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, రిలీవింగ్ లెటర్లో 'కాల్స్ తప్పించుకున్నాడు' అని రాస్తారు. ఆ ఒక్క ముక్క ఉంటే ఈ ఊళ్లో ఏ కాల్ సెంటరూ గుమ్మం ఎక్కనివ్వదు.

సోమవారం విజయేందర్ నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు నవ్వు లేదు.

"అక్కా, నేను జల్ది మాట్లాడుత, గంతే. మా నాయిన మెకానిక్. ఫిల్టర్ల ఏం పోయిందో శబ్దం చెప్తే నాకు ఎర్కైతది. కాల్ కట్ చేసుడు నాతోని కాదు."

"అందరూ అదే చెప్తారు" అన్నాను.

అదే రోజు జీవమణక్క గాజు గదిలోకి నన్ను పిలిచింది. తలుపు వేసింది. ఆమె తలుపు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

"రాగసుధా, ఈ రిపోర్ట్ అబద్ధం చెప్తున్నది" అంది.

"ఎవరు మార్చారు?"

"అదే తెలుస్త లేదు. చూడు. నేను గంటకు తొంభై అయిదు కాల్స్ వస్తయని ప్లాన్ వేసిన. కాల్‌కు ఆరు నిమిషాలు. పదమూడు మంది ఉంటే నూటికి ఎనభై రెండు కాల్స్ ఇరవై సెకన్లల ఎత్తాలె. అయితే గంటకు నూట అయిదు వచ్చినయి. పని పెరిగింది. మనుషులు గంతే మంది. అప్పుడు ఎనభై రెండు తగ్గి అరవై ఎనిమిది కావాలె. సగటు వెయిటింగ్ యాభై మూడు సెకన్లు రావాలె. రిపోర్టుల తొంభై రెండు, నాలుగు సెకన్లు. పని పెరిగితే వెయిటింగ్ తగ్గుడేంది?"

నాకు లెక్కలు రావు గానీ అబద్ధం వాసన వస్తుంది. ఇందులో వచ్చింది.

"విజయేందర్ కట్ చేస్తున్నాడేమో. కట్ చేస్తే జల్దీ ఖాళీ అవుతారు కదా" అన్నాను.

"కట్ చేస్తే కాల్ టైమ్ తగ్గాలె. హాలు మొత్తం సగటు ఆరు నిమిషాలు ఆరు నిమిషాలనే ఉన్నది. ఎవరూ కట్ చేస్త లేరు." ఆమె స్క్రీన్ నా వైపు తిప్పింది. "ఈ ఫార్ములా రెండిటిని గుడ్డిగ నమ్ముతది. ఒకటి, ఎంతసేపైనా విసుగు లేకుండ ఆగే కస్టమర్. రెండు, ఎన్నటికీ అయిపోని లైన్లు. విసుగొచ్చి ఫోన్ పెట్టేస్తే అది రిపోర్టుల పడుతది. ఆరు వారాల్ల పెట్టేసినోళ్లు దాదాపు సున్నా. అంత ఓపిక ఉన్న జనం యాడ దొరికిండ్రు మనకు?"

ఈమె ఇంత మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. అందుకే ఇంకా అనుమానం వచ్చింది. ప్లాన్ వేసింది ఈమె. తప్పయితే ఈమె మెడకే చుట్టుకుంటుంది. ముందే రిపోర్ట్ మీదకు తోసేస్తోందా?

బుధవారం ఉదయం పదకొండున్నరకు, హాలు కిక్కిరిసి ఉన్న వేళ, జీవమణక్క ఫోన్ పట్టుకుని కిందికి వెళ్లింది. పని వేళలో ఆమె కుర్చీ వదలదు. నేను వెనకే మెట్లు దిగాను. పంజాగుట్ట మెట్రో స్టేషన్ కింద చాయ్ కొట్టు పక్కన నిలబడి ఎవరికో ఫోన్ చేసింది. రెండు క్షణాలకే కట్ చేసింది. కాగితం మీద గీత గీసింది. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేసింది. వెనక నుంచి స్క్రీన్ చూశాను. అది మా సపోర్ట్ నంబరే.

దొంగ దొరికింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది.

"ఏం చేస్తున్నవక్కా?" అన్నాను, నా యాస నాకే తెలియకుండా బయటపడుతూ. "మన నంబర్‌కు మనమే కాల్ చేసి కట్ చేసుడేంది?"

ఆమె ఉలిక్కిపడలేదు. ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది. బీప్, బీప్, బీప్. ఎంగేజ్ టోను.

"ఇరవై సార్లు చేసిన. పదిహేడు సార్లు మన స్వాగతం మాట వినబడ్డది, అప్పుడే పెట్టేసిన. మూడు సార్లు గిది. ఇప్పుడు నువ్వు పైకి పోయి టీవీల వెయిటింగ్ ఎంతున్నదో చూసి ఫోన్ చెయ్యి. నేను చాయ్ కొట్టాయన ఫోన్‌తోని మన నంబర్‌కు చేస్త, బిజీ వచ్చినప్పుడల్లా నీకు చెప్త."

పరిగెత్తాను. మా హాలు గోడ మీద పెద్ద టీవీ ఉంది. ఎంతమంది ఏజెంట్లు మాట్లాడుతున్నారు, ఎందరు కస్టమర్లు వెయిటింగ్‌లో ఉన్నారు అని చూపిస్తుంది. ఆమె 'ఇప్పుడు బిజీ' అన్న ప్రతిసారీ టీవీలో పదమూడు మాట్లాడుతున్నారు, వెయిటింగ్ ఒకటి. అప్పుడు గుర్తొచ్చింది. ఆరు వారాలుగా ఆ వెయిటింగ్ అంకె సున్నా, కాకుంటే ఒకటి. రెండు అన్నది నేను చూడనే లేదు. రఘురామ్ గారు ఆ ఒకటిని చూపించి క్లయింట్ల ముందు గర్వపడేవారు కూడా.

జీవమణక్క పైకి వచ్చి కుర్చీలో కూర్చుని నీళ్లు తాగింది.

"కస్టమర్ మాట్లాడుతున్నా లైను పడుతది, పాట వినుకుంట ఆగినా లైను పడుతది. పదమూడు మంది మాట్లాడుతుంటే, ఒక్కరే ఆగగలుగుతున్నరు. అంటే లైన్లు పద్నాలుగే ఉన్నయి. పదిహేనో మనిషికి బయటనే బిజీ వస్తది. మన మిషన్ దాకా రాడు. రిపోర్టుల ఉండడు."

"రికార్డింగ్ కూడా ఉండదు" అన్నాను. నేను విన్నవన్నీ లోపలికి రాగలిగినవాళ్ల మాటలు. బయట ఆగిపోయినవాళ్లను వదిలేసి, లోపల ఫోన్ ఎత్తినవాడి మీద తప్పు వెతికాను.

ఆమె టెలిఫోన్ కంపెనీకి రాసి లెక్క తెప్పించింది. గురువారం మధ్యాహ్నానికి వచ్చింది. పదే పదే చేసిన నంబర్లను ఒక్కటిగా లెక్కేస్తే గంటకు నూట ఇరవై కాల్స్. అందులో పదిహేను బిజీ తగిలి వెనక్కి పోతున్నాయి. వర్షాలకు కాల్స్ తగ్గడం పోయి, మురికి నీళ్లతో ఫిల్టర్లు మూసుకుపోయి పెరిగాయట.

ఆమె కాగితం మీద రాసింది. గంటకు నూట ఇరవై కాల్స్, ఆరు నిమిషాల చొప్పున ఏడు వందల ఇరవై నిమిషాల మాట, అంటే పన్నెండు గంటల మాట. పన్నెండు మందే ఉంటే ఊపిరి తీసుకునే ఖాళీ లేక లైను పెరుగుతూనే పోతుంది. పదమూడు మంది ఉంటే సగటు వెయిటింగ్ నాలుగు నిమిషాల పైన. పద్నాలుగో మనిషి వస్తే ఎనభై ఏడు సెకన్లు. పదిహేనో మనిషితో ముప్ఫై ఎనిమిది. పదహారుతో పద్దెనిమిది.

"ఒక్క మనిషికే నాలుగు నిమిషాలు ఒకటిన్నరకు దిగుతయా?" అని అడిగాను. నాకు అదీ అనుమానమే.

"అంచు మీద ఉన్నప్పుడు ఒక్క మనిషి మస్తు చేస్తడు. తర్వాత తర్వాత తక్కువ." పదహారు మందికి ఇరవై రెండు లైన్లుంటే బిజీ నూటికి ఒకటి లోపే ఉంటుందనీ, తాను ఇరవై నాలుగు అడుగుతాననీ చెప్పింది.

ఇక మిగిలింది ఒక్కటే ప్రశ్న. లైన్లను పద్నాలుగుకు ఎవరు దించారు?

అడ్మిన్ చూసేది ఐలయ్య. కుర్చీలు, ఏసీలు, ఫోన్ లైన్లు అన్నీ ఆయనవే. యాభై అయిదేళ్ల మనిషి, ప్రతి మెయిలూ ప్రింట్ తీసి ఫైలులో గుచ్చుతాడు. మేమిద్దరం వెళ్లి అడిగాం. ఆయన అద్దాలు పెట్టుకుని ఫైలు తిరగేశాడు.

"నేను నా ఇష్టమున్నట్టు చేస్తనా మేడం? మీరే పంపిండ్రు గదా. మనిషికో లైను, ఒకటి ఎక్స్‌ట్రా. మంచిగనే ఉన్నదనుకున్న."

కాగితం మా ముందు పెట్టాడు. రెండు నెలల కిందటి మెయిలు. జీవమణక్క రాసిందే. 'వచ్చే నెల నుంచి: లైన్ మీద 13, స్పేర్ 1.'

మా హాలులో 'లైన్ మీద' అంటే డ్యూటీలో కూర్చున్న ఏజెంట్లు. 'ఎవరున్నరు లైన్ మీద' అని రోజుకు వందసార్లు అంటాం. పదమూడు మంది ఏజెంట్లు, ఎవరైనా భోజనానికి లేస్తే కూర్చోవడానికి ఒకరు అని ఆమె రాసింది. ఐలయ్య ఎప్పుడూ హాలులో కూర్చోలేదు. లైన్ అంటే ఆయనకు ఫోన్ లైనే.

జీవమణక్క ఆ కాగితం మీద 'లైన్' అన్న మాటను వేలితో తట్టింది.

ఐలయ్యకు సంగతి అర్థమైంది. మంచి మనిషి. గొంతు తగ్గించి, "మేడం, గీ కాగితం నా దగ్గర తప్ప యాడ లేదు. మెయిళ్లు నెలకోసారి సాఫ్ చేస్తరు. చింపెయ్యమంటే చింపుత. నేను రిటైరయ్యేటోన్ని, నన్నంటే అననియ్యుండ్రి" అన్నాడు.

ఆమె కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కాగితం ఏమవుతుంది? టెలిఫోన్ కంపెనీ లెక్క చూపిస్తే విజయేందర్ బయటపడతాడు. లైన్లు ఎవరు తగ్గించారని అడిగితే 'అడ్మిన్' అన్న ఒక్క మాట చాలు, ఐలయ్య తల వంచుతాడు. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. పద్నాలుగేళ్లు కష్టపడి కూర్చున్న కుర్చీ అది. నేనైతే ఏం చేసేదాన్నో నాకు తెలుసు, అందుకే ఆమెను నమ్మలేకపోయాను.

శుక్రవారం పదకొండింటికి రఘురామ్ గారు, నేను, జీవమణక్క, విజయేందర్ కూర్చున్నాం. ఐలయ్యను కూడా పిలిపించారు. విజయేందర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

జీవమణక్క లెక్కలు తీస్తుందనుకున్నాను. ముందు హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. మడత విప్పి ఆ మెయిలు టేబుల్ మీద పెట్టింది. "సార్, ఇది నాది. ముందు ఇది చదవుండ్రి, తర్వాత లెక్క చెప్త" అంది.

చెప్పింది. పావుగంట పట్టింది. రఘురామ్ గారు మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చారు.

"అంటే మన తొంభై రెండు శాతం..."

"అది బయట బిజీ తగిలినోళ్లను వదిలేస్తే వచ్చిన అంకె సార్. తలుపు మూసి, లోపలున్నోళ్లకు మంచిగ వడ్డించినట్టు."

ఆయన ఫిర్యాదుల కట్టను పక్కకు జరిపారు. తర్వాత విజయేందర్‌తో, "నువ్వెళ్లి పని చూసుకో బాబూ" అన్నారు. సారీ చెప్పలేదు. నేను మెట్ల దగ్గర ఆపి చెప్పాను. "మీరు వినెటోళ్లు అక్కా, మీరు సుత వినకపోతే ఎట్ల?" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సోమవారం ఇరవై నాలుగు లైన్లు తెరిచారు. పది దాటేసరికి టీవీలో వెయిటింగ్ మూడు, అయిదు, ఎనిమిది. హాలంతా తలలెత్తి చూసింది. మా బంగారు రిపోర్ట్ సాయంత్రానికి బొగ్గయింది. కొందరు విసుగొచ్చి పెట్టేశారు, అవి కూడా రిపోర్టులో పడ్డాయి. ఎనిమిది మంది మునుపూ ఉన్నారు, ఇప్పుడు కనిపిస్తున్నారు.

క్లయింట్ ముగ్గురు ఏజెంట్లను తీసుకోమన్నాడు, కానీ ట్రైనింగుకు నెల పడుతుంది. తప్పుకు శిక్ష ఉండాలి కదా. రఘురామ్ గారు జీవమణక్కను ప్లానింగ్ నుంచి తీసేసి, కొత్తవాళ్లు వచ్చేదాకా ఏజెంటుగా ఫోన్ల మీద కూర్చోమన్నారు. ఆయనకు తెలిసి చేశారో తెలియక చేశారో, పద్నాలుగో మనిషిని పెట్టారు.

మంగళవారం ఆమె విజయేందర్ పక్క కుర్చీలో కూర్చుంది. పద్నాలుగేళ్లలో స్క్రీన్లన్నీ మారిపోయాయి, అతనే చూపించాడు. "గీడ నొక్కాలె మేడం. జర నవ్వుకుంట మాట్లాడుండ్రి, వాళ్లకు వినబడుతది" అన్నాడు. పదకొండున్నరకు నేను తలెత్తి టీవీ చూశాను. వెయిటింగ్ మూడు. కాసేపటికి నాలుగు, మళ్లీ మూడు. అక్క మాత్రం తల ఎత్తలేదు, పద్నాలుగో మనిషితో లైను ఎంతకు దిగుతుందో ఆమెకు ముందే తెలుసు.

సాయంత్రం ఆమె మొదటి కాల్ రికార్డింగ్ నా దగ్గరికి వచ్చింది. చంద్రమ్మ అనే పెద్దావిడ, గొంతు నిండా కోపం. "నెల నుంచి చేస్తున్న బిడ్డా, ఎప్పుడు చేసినా బిజీ. నేను ఒక్కదాన్నే ఉంట. కావాలని ఎత్తుత లేరా?"

మా స్క్రిప్టులో ఇలాంటప్పుడు 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనాలి. తప్పు ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే అయిదు మార్కులు కోత.

తర్వాత జీవమణక్క గొంతు.

"తప్పు నాదేనమ్మా. నేను రాసిన ఒక మాట వల్ల మీకు బిజీ వచ్చింది. ఇప్పుడు చెప్పుండ్రి, ఫిల్టర్‌కు ఏమైంది?"

ఎప్పటిలా వెనక ఇంకేమైనా ఉందేమోనని రెండోసారి విన్నాను. ఏమీ లేదు. మార్కుల కాగితం తీసి, అయిదు కోయాల్సిన గడిలో అయిదూ వేశాను.